నాలుగు రూపాయలు రెండు ఎనభైకి దిగిన నెల

నెల మొదటి వారంలో ఏజెన్సీ నుంచి క్లయింటుకు ఒక మెయిల్ వెళ్తుంది. పోయిన నెల ప్రకటనలకు ఎంత ఖర్చయింది, దాని వల్ల ఎంత అమ్మకం వచ్చింది అన్న లెక్క అందులో ఉంటుంది. అమ్మకాలు పెరిగిన నెలలో ఆ మెయిల్ రాయడం తేలికే. తగ్గిన నెలలో ఎలా రాయాలన్నదే కష్టం. అలాంటి మెయిళ్లు రాయడం నా రోజువారీ పని. ఒక ఉదాహరణ తీసుకుని, అందులో ఏముండాలో చెబుతాను. లెక్క సులువుగా ఉండాలని అంకెలు గుండ్రంగా వేసుకున్నాను.

మంగళగిరి నూలు చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న వ్యాపారం అనుకోండి. నడిపేది ఒక మహిళ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు నెలకు రెండు లక్షలు పెడతారు. 2024 ఆగస్టులో వాటి ద్వారా ఎనిమిది లక్షల అమ్మకం జరిగింది. అంటే పెట్టిన రూపాయికి నాలుగు రూపాయల అమ్మకం. ఈ నిష్పత్తినే ఈ రంగంలో రోయాస్ అంటారు. సెప్టెంబరులో అదే రెండు లక్షలకు 5,60,000 వచ్చింది. రోయాస్ 4 నుంచి 2.8కి దిగింది.

2.8 అంటే రూపాయికి దాదాపు మూడు రూపాయలు వచ్చాయి కదా, నష్టమేముంది అనిపిస్తుంది. కానీ అది అమ్మకం, లాభం కాదు. రెండు వేల చీరలో నేతకు, ప్యాకింగుకు, కొరియరుకు 1,300 పోతే మిగిలేది 700. ఆగస్టులో 400 చీరలు అమ్ముడయ్యాయి కాబట్టి 2,80,000 మిగిలింది. ప్రకటనల ఖర్చు తీసేస్తే చేతిలో 80,000. సెప్టెంబరులో 280 చీరల మీద మిగిలింది 1,96,000. ప్రకటనల ఖర్చు కూడా రాలేదు, నాలుగు వేలు ఎదురు పడింది. ఈ వ్యాపారానికి రోయాస్ 2.86 దగ్గర ఉంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. మెయిల్‌లో మొదట చెప్పాల్సింది ఈ గీత గురించే. అది తెలియకపోతే 2.8 మంచిదో చెడ్డదో చదివేవాళ్లకు అంతుపట్టదు.

ఆ తర్వాత డబ్బు ఎక్కడ జారిందో వెతకాలి. ప్రకటన చూసిన మనిషి క్లిక్ చేయాలి, వచ్చినవాళ్లలో కొందరు కొనాలి, కొన్నవాళ్లు ఎంతో కొంత విలువైన సరుకు తీసుకోవాలి. ఈ మూడింటిలో ఏది మారిందో చూస్తే సగం సంగతి తేలుతుంది. జనానికి ప్రకటన పాతబడి విసుగొస్తే క్లిక్‌లు తగ్గి, ఒక్కో క్లిక్ ఖరీదు పెరుగుతుంది. ఇక్కడ అలా జరగలేదు. రెండు నెలల్లోనూ క్లిక్ పది రూపాయలే, వచ్చింది ఇరవై వేల క్లిక్‌లే. చీర సగటు ధరా రెండు వేలే. మారింది మధ్య మెట్టు. ఆగస్టులో నూరు క్లిక్‌లకు రెండు ఆర్డర్లు వస్తే, సెప్టెంబరులో 1.4 వచ్చాయి.

ఇక్కడే చాలా మెయిళ్లు "సీజన్ అయిపోయింది" అని ఒక్క ముక్క రాసి ముగిస్తాయి. అందులో నిజం లేకపోలేదు. 2024లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న వచ్చింది, సెప్టెంబరు రెండో సగంలో మహాలయ పక్షం మొదలైంది. కొత్త చీర కొనే మనసు అప్పుడు తక్కువే. పోయిన ఏడాది సెప్టెంబరుతో పోల్చి చూద్దామన్నా కుదరదు. 2023లో అధిక శ్రావణం రావడంతో నిజ శ్రావణం సెప్టెంబరు మధ్య వరకూ సాగింది. ఇంగ్లిష్ నెలకు ఇంగ్లిష్ నెలను పెట్టి పోల్చే రిపోర్టు మన పండుగ సరుకు విషయంలో దారి తప్పిస్తుంది. పంచాంగం పక్కన పెట్టుకునే పోల్చాలి.

అయితే సీజన్ వాటా ఎంతో కూడా లెక్కగట్టాలి. క్లిక్‌లు ఏ చీర పేజీకి వెళ్లాయో విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. నిజాం అంచు చీరలు మూడు శ్రావణంలోనే అయిపోయాయి. వాటి ప్రకటనలు మాత్రం నెలంతా తిరిగాయి. ఫోన్‌లో ముచ్చటైన చీర చూసి ఒకావిడ నొక్కితే, తెరుచుకున్న పేజీలో "స్టాక్ లేదు" అని ఉంది. అలా ఐదు వేల క్లిక్‌లు, అంటే యాభై వేల రూపాయలు, ఖాళీ అరల ముందుకు వెళ్లాయి. వాటి నుంచి వచ్చినవి పది ఆర్డర్లు. మిగతా పదిహేను వేల క్లిక్‌లకు 270 వచ్చాయి, అంటే నూటికి 1.8. ఆ లెక్కన ఆ ఐదు వేల క్లిక్‌లకూ 90 రావాలి. తగ్గిన 120 ఆర్డర్లలో 80 స్టాకు లేక పోయినవి, 40 సీజన్ వల్ల పోయినవి.

ఇదంతా తేలాక మెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే మేడమ్. సెప్టెంబరులో రోయాస్ 2.8, ఆగస్టులో 4. మీకు లాభనష్టాల గీత 2.86 కాబట్టి ఈ నెల సుమారు నాలుగు వేలు నష్టం వచ్చింది. తగ్గిన ఆర్డర్లలో మూడింట రెండు వంతులు, స్టాకు అయిపోయిన మూడు చీరల ప్రకటనలు ఆపకపోవడం వల్ల పోయాయి. వారానికోసారి చూసుకోవాల్సింది మేమే, చూడలేదు. ఈ రోజే వాటిని ఆపేశాం. యాడ్స్ మేనేజర్‌లోని ఆర్డర్ల సంఖ్యను మీ ఆర్డర్ల పుస్తకంతో సరిచూశాం, తేడా లేదు. కాబట్టి తగ్గుదల నిజమే, లెక్కింపులో లోపం కాదు."

చివరి వాక్యం ముఖ్యం. వెబ్‌సైట్‌లో అమ్మకాన్ని నమోదు చేసే కోడ్ పాడైతే, ఆర్డర్లు వస్తున్నా రిపోర్టులో తగ్గినట్టు కనిపిస్తుంది. అప్పుడు ప్రకటనలను సరిచేయబోతే బాగున్నదాన్ని పాడుచేసినట్టే. ఇంకో సంగతి, క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చిన చీరలనూ యాడ్స్ మేనేజర్ అమ్మకంగానే చూపిస్తుంది. వాటిని తీసేసిన అంకెను కూడా పక్కనే ఇవ్వాలి.

తర్వాత చేయబోయే పనులు. క్యాటలాగ్‌లో స్టాకు లేదని నమోదైన చీరను క్యాటలాగ్ ప్రకటనలు తమంతట తాము చూపడం మానేస్తాయి. విడిగా చేసిన ఫొటో, వీడియో ప్రకటనలు అలా ఆగవు, వాటిని మనిషే ఆపాలి. అందుకే ప్రతి సోమవారం స్టాకు జాబితాతో సరిచూడటం మొదటి పని. రెండోది, ఐదు యాడ్ సెట్లుగా చెదిరిన బడ్జెట్‌ను ఒకే చోటికి చేర్చడం. ఎవరికి చూపితే కొంటారో మెటా వ్యవస్థ నేర్చుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 ఆర్డర్లు కావాలి. నెలకు 280 అంటే వారానికి 65. వాటిని ఐదింటికి పంచితే ఏదీ 50 దగ్గరికి చేరదు. ఈ రెండూ చేశాక రెండు వారాలు పెద్ద మార్పులు చేయకూడదు. కదిపిన ప్రతిసారీ ఆ నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది.

మెయిల్ చివర మాట ఇచ్చేటప్పుడు ఒకే అంకె చెప్పకూడదు. "అక్టోబరులో దసరా ఉంది కాబట్టి రోయాస్ 3.4 నుంచి 4 మధ్య ఉంటుందని అంచనా. పదిహేనో తేదీకి నూరు క్లిక్‌లకు 1.8 ఆర్డర్లు కూడా రాకపోతే, స్టాకు ఒక్కటే కారణం కాదన్నమాట. అప్పుడు డబ్బు కట్టే పేజీని పరీక్షిస్తాం, అది తేలేదాకా బడ్జెట్ పెంచం" అని రాయాలి. మాట తప్పితే ఎలా తెలుస్తుందో క్లయింటుకు ముందే చెప్పినట్టవుతుంది.

ఒక పని క్లయింటు వైపు కూడా ఉంటుంది. మగ్గం మీద ఉన్న నిజాం అంచు చీరలు ఎన్ని, ఏ తేదీకి దిగుతాయి అన్నది ఆవిడకే తెలుసు. ఆ రెండు అంకెలు ప్రతి శనివారం వాట్సాప్‌లో పంపితే, సోమవారం ఏ ప్రకటన ఉంచాలో, ఏది ఆపాలో మాకు తెలుస్తుంది. సెప్టెంబరులో యాభై వేలు పోయింది ఆ రెండు అంకెలు ఆవిడ పంపక, మేం అడగకే.