కోణం కొలిచి వెతకడం

వెతికే మాట ఎక్కువసార్లు ఉన్న పత్రమే మనకు కావలసిన పత్రమా? కాదనడానికి మూడు చిన్న పత్రాలు చాలు.

మొదటిది: మామిడి పచ్చడి ఘాటు.
రెండోది: మామిడి తోట, మామిడి కాపు, మామిడి ధర.
మూడోది: గోంగూర పచ్చడి ఘాటు.

మనం వెతికేది "మామిడి పచ్చడి". ఈ రెండు మాటలు ఎక్కడ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడితే మొదటి పత్రానికి 2, రెండోదానికి 3, మూడోదానికి 1 వస్తాయి. పచ్చడి ఊసే లేని తోట కబురు ముందు నిలిచింది! మామిడి మూడుసార్లు రావడమే దాని బలం.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ సాల్టన్ బృందం ఈ చిక్కును జ్యామితితో విప్పింది. 1975లో వాళ్లు ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఆధారం. అందులో ఒక్కో మాట ఒక్కో దిక్కు. ఏ మాట ఎన్నిసార్లు వస్తే ఆ దిక్కుగా అన్ని అడుగులు వేస్తాం. అలా ప్రతి పత్రమూ ఒక బాణం అవుతుంది. దాన్నే వెక్టర్ అంటారు. మన ప్రశ్న కూడా ఒక బాణమే. రెండు బాణాల మధ్య కోణం ఎంత చిన్నదైతే విషయం అంత దగ్గర. ఆ కోణపు కొసైన్ 1 అయితే రెండూ ఒకే దిక్కు; 0 అయితే ఉమ్మడి మాట ఒక్కటీ లేదు.

లెక్క తేలికే. ఇందాకటి మొత్తాన్ని రెండు బాణాల పొడవులతో భాగించాలి. పొడవు కోసం ప్రతి మాట లెక్కనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తాం. ప్రశ్న పొడవు √2. మొదటి పత్రంలో మూడు మాటలు ఒక్కోసారి ఉన్నాయి కాబట్టి √3. రెండోదానిలో మామిడికి 9, మిగతా మూడింటికి 3, వెరసి √12. మూడోది మళ్లీ √3.

```
1: 2 / (√2 × √3)  = 0.82
2: 3 / (√2 × √12) = 0.61
3: 1 / (√2 × √3)  = 0.41
```

పచ్చడి పత్రం ముందుకొచ్చింది. దాన్నే రెండుసార్లు రాసి పొడిగించినా 0.82 మారదు. పైమొత్తం, పొడవు రెండూ రెట్టింపవుతాయి, దిక్కు మాత్రం అదే.

అయితే మొదటి పత్రంలో "పచ్చడి" బదులు "పచ్చళ్లు" అని ఉంటే? యంత్రానికి అది వేరే దిక్కు. ఉమ్మడి మాట ఒక్కటే మిగిలి, విలువ 0.41కి పడిపోతుంది. తోట కబురు మళ్లీ మొదటికొస్తుంది. ప్రత్యయాలు మాటకు అతుక్కునే తెలుగులో ఈ దెబ్బ అడుగడుగునా తగులుతుంది. అందుకే లెక్కకు ముందే పచ్చళ్లు, పచ్చడిలో, పచ్చడికి వంటివన్నీ ఒకే మూలరూపానికి తేవాలి. "ఆవకాయ" అని రాసిన పత్రాన్ని మాత్రం ఆ సవరణ కూడా అందుకోలేదు. అర్థం ఒకటే అయినా అక్షరాలు వేరు కాబట్టి దాని విలువ సున్నాయే. తప్పకుండా రావలసిన పత్రం అడుగున కనిపిస్తే, ముందు చూడాల్సింది కొసైన్‌ను కాదు, మాటలను ఎలా విడగొట్టి లెక్కపెట్టారన్నది.