దశాంశాన్ని సెకన్లుగా చదివితే 600 మీటర్ల తేడా

సముద్ర పటాల్లోనూ, పడవల్లోని జీపీఎస్ పరికరాల్లోనూ స్థానాన్ని సాధారణంగా డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో చూపుతారు. విశాఖపట్నం ఓడరేవు వెలుపలి నుంచి భీమునిపట్నం తీరం ఎదుటికి పడవలో వెళ్లేందుకు రెండు వేపాయింట్లు పెట్టుకున్నామని అనుకుందాం. ఇవి వివరణ కోసం తీసుకున్నవి మాత్రమే.

మొదటిది: 17°41.50′ N, 83°20.00′ E
రెండోది: 17°52.50′ N, 83°29.00′ E

ఒక డిగ్రీకి 60 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. కాబట్టి 52.50′ అంటే 52 నిమిషాల మీద మరో అర నిమిషం, అనగా 926 మీటర్లు. దీన్నే 52 నిమిషాల 50 సెకన్లుగా చదివితే, స్థానం 600 మీటర్లకు పైగా ఉత్తరానికి, అంటే తీరం వైపునకు జరుగుతుంది. దశాంశం 60 లేదా అంతకన్నా ఎక్కువైతే అది సెకన్లు కాదని వెంటనే తెలుస్తుంది. 50 వంటి అంకె అనుమానం రానివ్వదు. అందుకే 52.500′ అని మూడు దశాంశ స్థానాలతో రాసుకోవడం మేలు.

పటంపై గుర్తించేటప్పుడు అక్షాంశాన్ని పక్క అంచు నుంచి, రేఖాంశాన్ని పై లేదా కింది అంచు నుంచి తీసుకోవాలి. ఆ రెండు గీతలు కలిసే చోటే వేపాయింట్. దూరాన్ని మాత్రం ఎప్పుడూ పక్క అంచుపైనే, ప్రయాణించే ప్రాంతానికి సమానమైన ఎత్తులో డివైడర్‌తో కొలవాలి. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. విశాఖ వద్ద రేఖాంశ నిమిషం సుమారు 1,770 మీటర్లే. మన ఉదాహరణలో అసలు దూరం సుమారు 14 నాటికల్ మైళ్లు. కింది అంచుపై కొలిస్తే అది 14.6గా కనిపిస్తుంది.

రెండు బిందువులను కలిపే గీత నిజ ఉత్తరం నుంచి సుమారు 38 డిగ్రీల దిశలో సాగుతుంది. జీపీఎస్ ఈ సరళరేఖనే చూపుతుంది. మధ్యలో రాయి ఉందా, లోతు తక్కువా అన్నది చూడదు. ఆ గీత వెంబడి పటంలోని లోతులను చదివి, అడ్డు ఉంటే మధ్యలో మరో వేపాయింట్ పెట్టడం నావికుడి పని.

చివరగా, అంకెలను పరికరంలో ఎక్కించాక అది చూపే దూరాన్ని, దిశను పటంపై కొలిచిన వాటితో పోల్చాలి. పరికరం దశాంశ డిగ్రీల అమరికలో ఉండగా 17.5250 అని ఎక్కిస్తే, సరైన విలువ 17.8750 కనుక స్థానం 21 మైళ్లు దక్షిణానికి పోతుంది. ఆ తప్పును ఈ పోలిక వెంటనే పట్టిస్తుంది. సెకన్ల పొరపాటుకు మాత్రం 14.0కు బదులు 14.2 మైళ్లు కనిపిస్తాయి, దిశ ఒక డిగ్రీ మారుతుంది. ఇంత చిన్న తేడా కంటికి ఆనదు గనుక, ఎక్కించిన ప్రతి అంకెనూ మరొకరు పైకి చదువుతుండగా పటంతో సరిచూసుకోవాలి.