మొదట చేరేది సెక్యూరిటీ గార్డే

ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ ముందు ఎవరైనా కుప్పకూలితే మొదట చేరేది డాక్టర్ కాదు, సెక్యూరిటీ గార్డు. అతనికిచ్చే శిక్షణ పిలుపుతో మొదలవుతుంది. భుజాలు తట్టి పిలవాలి. పలకకపోతే ఎమర్జెన్సీ టీమ్‌ను, ఏఈడీని రప్పించాలి. 10 సెకన్లలోపే ఊపిరి గమనించాలి. ఆగి ఆగి ఎగపోస్తుంటే చాలామంది ఊపిరి ఆడుతోందనుకుంటారు. అది గుండె ఆగిన గుర్తు, వెంటనే నొక్కడం మొదలుపెట్టాలి.

ఆ తర్వాత బొమ్మపై సాధన. రొమ్ము ఎముక కింది సగంపై ఒక చేతిమీద మరో చేయి వేసి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి.

కొత్తవాళ్లు నొక్కాక బరువు వదలరు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండె మళ్లీ రక్తంతో నిండుతుంది. అలసిపోతే లోతు తగ్గుతుంది, అందుకే 2 నిమిషాలకోసారి మనిషి మారాలి.

చివరగా ప్రతి ఉద్యోగినీ ఏఈడీ ఉన్న చోటికి నడిపించి చూపించాలి.