మాస్టారి చదువుకు మళ్లీ విలువ

తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో మాకు తెలిసిన ఉర్దూ మాస్టారు ఒకరున్నారు. పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. కొడుకులకు, మనవలకు ఉర్దూ చదవడం రాదు. పెట్టెలోని పుస్తకాలను చూపిస్తూ, "ఇక ఈ చదువు చెదపురుగులకే" అని ఆయన మాతో చాలాసార్లు అన్నారు.

ఒకరోజు పక్కింటి రైతు పసుపుపచ్చగా మారిన ఒక కాగితం పట్టుకొచ్చాడు. "సార్, ఇది మా తాత పెట్టెల దొరికింది. జర చదివి చెప్పుండ్రి" అన్నాడు. అది సేత్వార్ నకలు. సర్వే అయిన తర్వాత ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, పట్టాదారు ఎవరు అని రాసిన పత్రమన్నమాట. నిజాం కాలంలో ఇలాంటివి ఉర్దూలో ఉండేవి. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీలు కూడా చాలా చోట్ల ఉర్దూలోనే ఉన్నాయి.

బడిలో నేర్పే ఉర్దూ వస్తే ఈ కాగితాలు చదవగలమనుకోవడం పొరపాటు. గుమాస్తాలు 'షికస్తా' అనే గొలుసు రాతలో రాసేవారు. చుక్కలు సగం పెట్టేవారు, సగం వదిలేసేవారు. మాస్టారి తండ్రి మున్షీ కావడంతో చిన్నప్పుడే ఆ రాత ఆయన కంటికి అలవాటైంది.

మొదట తేదీ చూశారు. 'ఫర్వర్దీ 1346 ఫస్లీ' అని ఉంది. హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. అందుకని ఆజూర్ నుంచి డిసెంబరు చివరి దాకా ఫస్లీకి 590 కలపాలి. జనవరి వచ్చాక 591 కలపాలి. ఫర్వర్దీ దాదాపు ఫిబ్రవరి కనుక ఆ నకలు 1937 నాటిది. భూమి 3 ఎకరాల 12 గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం. ఇంతవరకూ చిక్కు లేదు.

చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. రైతు తాత బుచ్చయ్య. ఆయన అన్న పోచయ్య. ఉర్దూలో 'బ'కు కింద ఒక చుక్క, 'ప'కు మూడు చుక్కలు. 'ఓ'కూ 'ఉ'కూ ఒకే అక్షరం వాడవచ్చు. ఒత్తును విడిగా చూపరు. చుక్కలు చెరిగితే పోచయ్య, బుచ్చయ్య ఒక్కలాగే కనిపిస్తారు. అన్నదమ్ములు కాబట్టి తండ్రి పేరు చూసినా తేలదు. రైతు మాత్రం "బుచ్చయ్యే కదా సార్" అని ఆశగా అడిగాడు.

మాస్టారు భూతద్దం తీశారు. పేరు కింద ఉన్నది చుక్క కాదు, చిన్న కొక్కెంలాంటి గీత. తొందరలో రాసేవారు రెండు చుక్కలకు అడ్డగీత, మూడు చుక్కలకు ఇలాంటి కొక్కెం వేసేవారు. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. అదే గుమాస్తా అదే పుటలో రాసిన 'పట్టా' అనే మాటను వెతికారు. దాని కిందా అదే కొక్కెం ఉంది. 'బంజర్' కింద స్పష్టంగా ఒక చుక్క ఉంది. పేరు పోచయ్యే.

రైతు ముఖం వాడిపోయింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి 200 రూపాయలు తీసి పెట్టాడు. మాస్టారు వద్దన్నారు. "మీరు బుచ్చయ్య అని ఉంటే నేను రేపే వకీలు దగ్గరికి పోతుంటి సార్. ఎన్ని వేలు పోతుండెనో" అన్నాడతను. తన చదువుకు ఒకరు డబ్బిస్తారని మాస్టారికి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు వారానికి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. ఆ అన్న వైపు వారూ వచ్చారు. మాస్టారు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. కూలి చదివిన సమయానికే గాని, వచ్చిన ఫలితానికి కాదు. అనుమానమున్న మాటను అనుమానమనే రాస్తారు. శిస్తు మొత్తాలను కొన్నిచోట్ల అంకెల్లో కాక 'రఖమ్' గుర్తుల్లో రాశారు. అవి తనకు పూర్తిగా రావని ముందే చెబుతారు.

మరో మాట కూడా తప్పక చెబుతారు. ఆయన చదివి చెప్పినది కోర్టులో సాక్ష్యం కాదు. అందుకు రెవెన్యూ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు, అంగీకారయోగ్యమైన అనువాదం కావాలి. పైగా సేత్వార్ ఆనాటి పట్టాదారును చెబుతుందే తప్ప, ఆ తర్వాతి అమ్మకాలను, పంపకాలను చెప్పదు. ఖాస్రా పహాణీతోనూ, తర్వాతి పహాణీలతోనూ పోల్చి చూసుకోవాల్సిందే.

మేము సెలవు తీసుకునేటప్పుడు మాస్టారు పెద్ద మనవడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎదుట భూతద్దం, ఒక పాత నకలు ఉన్నాయి. "ముందు చుక్కలు లెక్కపెట్టు" అంటున్నారు.