డబ్బు రెట్టింపు లెక్కలో 72 ఎక్కడి నుంచి వచ్చింది?

పోస్టాఫీసులో దొరికే కిసాన్ వికాస్ పత్ర గురించి జనానికి గుర్తుండేది వడ్డీ రేటు కాదు, గడువు. పెట్టిన డబ్బు ఎన్ని నెలల్లో రెట్టింపవుతుందన్నదే ఆ పథకానికి ప్రచారం. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం దానిపై ఏటా 7.5 శాతం చక్రవడ్డీ ప్రకటించి, గడువును 115 నెలలుగా నిర్ణయించింది. అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. 115 నెలల్లో వంద రూపాయలకు వంద రూపాయల లాభమంటే ఏడాదికి సుమారు 10.4 రూపాయలు. మరి వడ్డీ 7.5 శాతమే అంటారేమిటి? ఎవరి లెక్క తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. 10.4 అనేది బారువడ్డీ లెక్క, 7.5 అనేది చక్రవడ్డీ లెక్క. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచే సాధనాలు ఇంటర్మీడియట్ గణితంలోనే ఉన్నాయి. విద్యార్థులు ప్రామాణిక అవధులుగా బట్టీపట్టే రెండు సూత్రాలు అవి:

x సున్నాను సమీపించినప్పుడు ln(1+x)/x → 1
x సున్నాను సమీపించినప్పుడు (eˣ − 1)/x → 1

రెట్టింపు గడువులో దాగిన అవధి

ఏడాదికి r చొప్పున చక్రవడ్డీ వస్తుంటే, n ఏళ్లకు ఒక రూపాయి (1+r)ⁿ అవుతుంది. అది 2 కావాలి. రెండు వైపులా సహజ సంవర్గమానం తీసుకుంటే n × ln(1+r) = ln 2 వస్తుంది. కాబట్టి n = ln 2 / ln(1+r).

ln 2 విలువ 0.6931. వడ్డీ 7.5 శాతమైతే r = 0.075, ln(1.075) = 0.07232. భాగిస్తే 9.584 సంవత్సరాలు, అంటే 115 నెలలు. ప్రభుత్వం ప్రకటించిన గడువు సరిగ్గా ఇదే. చేత్తో సరిచూడాలంటే, వెయ్యి రూపాయలు తొమ్మిదేళ్లకు 1,917 అవుతాయి. ఆపై ఏడు నెలల వడ్డీ కలిస్తే రెండు వేలకు చేరతాయి.

ఇప్పుడు 0.075 పక్కన 0.07232ను పెట్టి చూడండి. రెండూ చాలా దగ్గరగా ఉన్నాయి. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే 0.964. r ఇంకా చిన్నదైతే ఈ భాగఫలం 1కి ఇంకా దగ్గరవుతుంది. 4 శాతం దగ్గర 0.981, 1 శాతం దగ్గర 0.995. మొదటి అవధి చెప్పేది ఇదే. వడ్డీ రేటు చాలా తక్కువైతే ln(1+r) బదులు నేరుగా r రాసుకున్నా పెద్దగా నష్టం లేదు. అప్పుడు రెట్టింపు గడువు 0.693/r అవుతుంది. శాతాల్లో చెప్పాలంటే 69.3ను వడ్డీ రేటుతో భాగించాలి.

బారువడ్డీలో భాగించాల్సింది 100ను. చక్రవడ్డీలో అది 69.3 చుట్టుపక్కలకు దిగుతుంది. పైన అనుమానం పుట్టించిన 10.4కూ 7.5కూ మధ్య తేడాలో ప్రధాన భాగం ఇదే.

అవధి 1 ఎందుకయింది?

1/t వక్రరేఖను ఊహించుకోండి. t విలువ 1 నుంచి 1+x దాకా వెళ్లేలోపు ఆ రేఖ కింద ఉండే వైశాల్యమే ln(1+x). x ధనసంఖ్య అనుకుందాం. ఆ వైశాల్యపు వెడల్పు x. దాని ఎత్తు ఎడమ అంచున 1, కుడి అంచున 1/(1+x). కనుక వైశాల్యం, x వెడల్పూ 1 ఎత్తూ ఉన్న దీర్ఘచతురస్రం కన్నా తక్కువ. అదే వెడల్పుతో 1/(1+x) ఎత్తున్న దీర్ఘచతురస్రం కన్నా ఎక్కువ. మొత్తాన్ని xతో భాగిస్తే, ln(1+x)/x అనేది 1/(1+x)కీ 1కీ మధ్య ఇరుక్కుంటుంది. x సున్నాకు చేరేకొద్దీ కింది హద్దు కూడా 1కి చేరుతుంది. మధ్యలో ఉన్నదానికి 1 తప్ప వేరే దారి లేదు. x రుణసంఖ్య అయినప్పుడు హద్దులు తారుమారవుతాయి, ఫలితం మారదు.

చాలామంది విద్యార్థులు దీన్ని లోపితాల్ నియమంతో ఒక్క వరుసలో తేల్చేస్తారు. లవహారాలను విడివిడిగా అవకలనం చేస్తే 1 వస్తుంది. జవాబు సరైనదే, కానీ నిరూపణగా అది నిలవకపోవచ్చు. ln అవకలజం 1/x అని పాఠ్యపుస్తకం ఈ అవధి సాయంతోనే నిరూపించి ఉంటే, నిరూపించాల్సిన దాన్నే ముందుగా వాడుకున్నట్టవుతుంది. వైశాల్యం దారిలో ఆ చిక్కు లేదు.

ఇక్కడ సంవర్గమానం ఆధారం e కావడం ముఖ్యం. ఆధారం 10 అయితే ఇదే అవధి 1 కాదు, 0.4343 వస్తుంది.

72 పుట్టుక

69.3 సరైనదైతే, బ్యాంకుల్లోనూ మదుపు పాఠాల్లోనూ వినిపించే 72 ఎక్కడిది? ఈ నియమం పాతదే. ఇటలీ గణితవేత్త లూకా పచోలీ 1494లో ప్రచురించిన గ్రంథంలో, నిరూపణ లేకుండానే దీన్ని పేర్కొన్నాడు.

అవధి 1 అంటే, x సున్నా వైపు వెళ్లినప్పుడు భాగఫలం 1 వైపు వెళ్తుందని మాత్రమే. అసలు వడ్డీ రేట్లు సున్నా దగ్గర ఉండవు. 8 శాతం తీసుకుంటే ln(1.08) = 0.07696. దాన్ని 0.08తో భాగిస్తే 0.962. 69.3ను ఈ 0.962తో భాగించి సరిదిద్దితే 72.05 వస్తుంది. అంటే 72 అనేది 8 శాతం దగ్గర సరిగ్గా అతికే సంఖ్య. 72కు 2, 3, 4, 6, 8, 9, 12 అన్నీ భాజకాలు కావడంతో నోటిలెక్కకు కూడా వీలుగా ఉంటుంది.

కాబట్టి వడ్డీ రేటు మారితే 72 కూడా మారాలి. 2 శాతం దగ్గర సరైన సంఖ్య 70. 12 శాతానికి 73.4, 24 శాతానికి 77.3. గుర్తుంచుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. x చిన్నదైనప్పుడు x/ln(1+x) సుమారు 1 + x/2 అవుతుంది. దీని నుంచి, 69.3కి వడ్డీ రేటులో మూడో వంతు కలిపితే చాలని తేలుతుంది. 7.5లో మూడో వంతు 2.5, కలిపితే 71.8. దాన్ని 7.5తో భాగిస్తే 9.57 ఏళ్లు, దాదాపు 115 నెలలే.

గడువు తెలిసి వడ్డీ తెలియకపోతే

రెండో అవధి అవసరం ఇక్కడే వస్తుంది. కిసాన్ వికాస్ పత్ర 1988లో మొదలైనప్పుడు డబ్బు ఐదున్నర ఏళ్లలో రెట్టింపయ్యేది. అప్పటి వడ్డీ రేటు ఎంత?

ఈసారి లెక్క వెనక్కి నడుస్తుంది. ln(1+r) = 0.6931/5.5 = 0.1260. దీన్ని x అనుకుంటే r = eˣ − 1. అవధిని నమ్మి r బదులు x రాసేస్తే 12.6 శాతం అనుకుంటాం. నిజానికి e^0.126 − 1 = 0.1343, అంటే 13.43 శాతం. భాగఫలం (eˣ − 1)/x ఇక్కడ 1.066. ఒకటికి దగ్గరే, కానీ వడ్డీలో 0.8 శాతం పాయింట్ల తేడా వచ్చింది. లక్షల్లో డబ్బు పెట్టినవారికి అది చిన్న తేడా కాదు.

మధ్యలో ఆగిపోయిన ఈ పథకాన్ని 2014లో పునరుద్ధరించినప్పుడు గడువు 100 నెలలు. అదే పద్ధతిలో x = 0.0832, eˣ − 1 = 0.0867. ప్రభుత్వం అప్పుడు చెప్పిన రేటు 8.7 శాతం.

రెండు అవధులూ ఒకే నాణేనికి రెండు వైపులు. eˣ − 1ను y అనుకుంటే x = ln(1+y) అవుతుంది. x సున్నాకు వెళ్తే y కూడా సున్నాకు వెళ్తుంది. కనుక (eˣ − 1)/x అంటే y/ln(1+y), అంటే మొదటి అవధినే తిరగేసినది. అందుకే x ధనసంఖ్యగా ఉన్నప్పుడు మొదటిది 1కి కింది నుంచి, రెండోది పైనుంచి చేరుతాయి.

నూటికి రెండు రూపాయల వడ్డీ

తెలుగు ఊళ్లలో చేబదుళ్లకు, ప్రామిసరీ నోట్లకు వడ్డీని నెల లెక్కన చెబుతారు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24. అప్పు రెట్టింపు కావడానికి ఎంత కాలం పడుతుంది? 72ను 24తో భాగించి మూడేళ్లు అనడం తేలిక. కానీ జవాబు నోటులో ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

బారువడ్డీ అయితే 50 నెలలు. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపితే x = 0.24. అవధికి ఇది చాలా దూరం, భాగఫలం 0.896 మాత్రమే. గడువు 38.7 నెలలు. ప్రతి నెలా కలిపితే x = 0.02, భాగఫలం 0.990, గడువు సరిగ్గా 35 నెలలు. ఒకే రెండు రూపాయల వడ్డీ, కానీ మొదటి లెక్కకూ చివరి లెక్కకూ మధ్య పదిహేను నెలల తేడా.

చాలామంది పొరబడేది ఇక్కడే. అవధిలో పెట్టాల్సిన x ఏడాది వడ్డీ కాదు, ఒక్కసారి అసలుకు కలిసే వడ్డీ. వడ్డీ కలిపే విడత ఎంత చిన్నదైతే x అంత చిన్నది, 69.3 నియమం అంత నిజం. అప్పు తీసుకునేవారు అడగాల్సింది రేటు ఒక్కటే కాదు, వడ్డీని ఎన్ని నెలలకోసారి అసలులో కలుపుతారన్నది కూడా.

కంప్యూటర్ తప్పు చెప్పినప్పుడు

ఈ అవధిని కంప్యూటర్‌లో సరిచూడాలనుకునేవారికి ఒక వింత ఎదురవుతుంది. xను తగ్గిస్తూ పోతే భాగఫలం 1కి దగ్గరై, ఆ తర్వాత చెడిపోవడం మొదలవుతుంది. పైథాన్‌లో x = 1e-15 ఇస్తే 1 బదులు సుమారు 1.11 వస్తుంది. 1e-16 ఇస్తే ఏకంగా సున్నా. కంప్యూటర్ సంఖ్యలను దాదాపు 16 అంకెల దాకా మాత్రమే గుర్తుంచుకుంటుంది కాబట్టి, 1కి అంత చిన్న సంఖ్యను కలిపితే అది కొంతగా గానీ పూర్తిగా గానీ చెరిగిపోతుంది. తప్పు అవధిది కాదు, కూడికది. అందుకే ఆ కూడికను, తీసివేతను విడిగా చేయనవసరం లేని ప్రమేయాలు ఉన్నాయి:

```
import math
x = 1e-15
print(math.log(1 + x) / x)
print(math.log1p(x) / x)
print(math.expm1(x) / x)
```

మొదటి వరుస 1.11 చూపిస్తే, మిగతా రెండూ 1 దగ్గరే నిలుస్తాయి. రోజువారీ వడ్డీలాంటి చిన్న రేట్లను లక్షల ఖాతాలపై లెక్కగట్టే ప్రోగ్రాముల్లో log1p, expm1 వాడేది ఇందుకే.