యాభై ఏళ్ల మనిషి అనుభవాన్ని కాగితం మీద పెట్టడం

ఫ్యాక్టరీలో పని పోయిన యాభై ఏళ్ల మనిషి ప్రొఫైల్‌లో సాధారణంగా కనిపించే లోపం, పనిని హోదాతో సరిపెట్టేయడం. పటాన్‌చెరు మెషిన్ షాపులో 26 ఏళ్లు చేసి, లైన్ మూతపడి ఇంటికొచ్చిన ఒక తండ్రిని ఉదాహరణగా తీసుకుందాం. ఆయన రాసుకున్నది ఇంతే: ‘ఐటీఐ టర్నర్, సీఎన్‌సీ ఆపరేటర్, కష్టపడతాను, ఏ పనైనా చేస్తాను.’

డిగ్రీ చదువుతున్న కూతురు దాన్ని దిద్దడానికి కూర్చుని ముందు ప్రశ్నలే అడిగింది.

“నాన్నా, కొత్త జాబ్ వస్తే మెషిన్ ఎవరు సెట్ చేసేవాళ్లు?”

“నేనేనమ్మా. జా బిగించి, ఆఫ్‌సెట్లు ఇచ్చి, మొదటి పీసు కొలిచి చూసుకున్నాకే కుర్రాళ్లకు అప్పజెప్పేవాణ్ని.”

ఆ జవాబుతో ప్రొఫైల్ మారిపోయింది. తయారైన పీసు తీసి, కొత్తది పెట్టి, సైకిల్ స్టార్ట్ నొక్కేది ఆపరేటర్. డ్రాయింగ్ చదివి, టూల్స్ అమర్చి, మొదటి పీసును కొలతకు తెచ్చేది సెట్టర్. కంపెనీ రికార్డులో ఆయన హోదా ఆపరేటరే అయినా, చేసింది సెట్టర్ పని. జాబ్ పోర్టళ్లలో కంపెనీలు పదాలతో వెతుకుతాయి కాబట్టి, ఆ మాట లేని ప్రొఫైల్ సెట్టర్ కావాలన్నవారికి కనపడకపోవచ్చు.

అందుకని పై వరుసలో ‘సీఎన్‌సీ టర్నింగ్ సెట్టర్’ అని పెట్టారు. అనుభవం దగ్గర మాత్రం అధికారిక హోదాను అలాగే ఉంచి, దాని కింద చేసిన పని రాశారు: ఫానుక్ కంట్రోల్ మీద సెట్టింగ్, స్టీలు షాఫ్టులు, 20 మైక్రాన్ల లోపు టాలరెన్స్, మైక్రోమీటర్, బోర్ గేజ్ వాడకం, కొత్తవాళ్లకు శిక్షణ. ‘ఏ పనైనా చేస్తాను’ తీసేశారు, అది చదివినవారికి ఆయనకు ఏ పని వచ్చో తెలియదు. తండ్రి పేరు, మతం లాంటి వివరాలూ పోయాయి. చివరి పదేళ్ల పని వివరంగా, అంతకు ముందుది రెండు వరుసల్లో ఇచ్చారు. ఉద్యోగం ఎందుకు పోయిందో దాచకుండా ‘లైన్ మూసివేత’ అని రాశారు. చేరిన తేదీ, మానేసిన తేదీ పీఎఫ్ సర్వీస్ వివరాలతో సరిచూశారు. అక్కడ తేడా ఉంటే చేరేటప్పుడు అనుమానం వస్తుంది.

కూతురు ‘ప్రోగ్రామింగ్’ కూడా చేర్చబోతే తండ్రి ఆపాడు. ఉన్న ప్రోగ్రామ్‌లో కొలతలు సవరించడం ఆయనకు వచ్చు, కొత్తది రాయడం రాదు. ఇలాంటి ఉద్యోగాలకు తరచూ ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. డ్రాయింగ్ చేతికిచ్చి పీసు చేయమంటారు, లేని నైపుణ్యం అక్కడ బయటపడుతుంది. కాబట్టి ‘ప్రోగ్రామ్ ఎడిటింగ్’ అనే రాశారు.

వయోపరిమితి పెట్టిన కంపెనీల్లో ఎంత మంచి ప్రొఫైలైనా పనిచేయదు. తరచూ జాబ్ మారే చిన్న జాబ్‌వర్క్ యూనిట్లకు మాత్రం సెట్టర్ అవసరం ఎక్కువ. ఆయన ముందుగా దరఖాస్తు పెట్టాల్సింది వాటికే.