ఒక్క ఫోను, ఐదు బొంగరాలు

మొదటిసారి ఏటికొప్పాక వెళ్లొచ్చినప్పుడు ఫోన్లో నూట నలభై క్లిప్పులున్నాయి. ఊరి బోర్డు, వరాహ నది, మేకలు, బొమ్మల దుకాణం, మళ్లీ బొమ్మల దుకాణం. ఎడిటింగ్‌కి కూర్చున్నాక తెలిసింది, అందులో ఏ రెండు షాట్లూ పక్కపక్కన అతకవని. కెమెరా ముందు నేను మాట్లాడిన పన్నెండు నిమిషాల్లో పది నిమిషాలు, వెనకాల కనపడుతున్నదాన్నే నోటితో మళ్లీ చెప్పాను. "ఇదిగో చూడండి, ఇక్కడ కర్రను తిప్పుతున్నారు" అని. చూసేవాడికి కళ్లు లేవా?

రెండోసారి వెళ్లేముందు కెమెరా కొనలేదు, రెండు రూపాయల పెన్నుతో నోటుబుక్కులో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమ పక్క వినపడేది, కుడి పక్క కనపడేది. సామాను పాతదే: ఒక ఫోను, తీగతో ఉండే కాలర్ మైకు, మోకాలెత్తు ట్రైపాడ్, పవర్ బ్యాంకు. తక్కువ సామానుతో ట్రావెల్ వ్లాగ్ తీసేవాళ్లకు అసలు చిక్కు నాణ్యత కాదు. ఒక్క ఫోను ఒకేసారి మనిషి మొహాన్నీ, అతని చేతుల్నీ తీయలేదు. అందుకే ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో ఉంది. నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్లొచ్చు. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే. ఇవన్నీ విషయాలే కానీ కథ కాదు. "ఏటికొప్పాక బొమ్మలు" అనేది ఎపిసోడ్‌కి పేరు మాత్రమే. కథ కావాలంటే చూసేవాడి మనసులో ఒక ప్రశ్న పడాలి, దానికి జవాబు చివరికంటా ఆగి ఆగి రావాలి. నేను పట్టుకున్న ప్రశ్న చిన్నది. అంకుడు కర్ర పాలిపోయి తెల్లగా ఉంటుంది, పనిచేసే చోట ఎక్కడా కుంచె కనపడదు. మరి బొంగరానికి అంత ఎర్రటి రంగు ఎక్కణ్నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న దొరికాక ఏం తీయాలో దానంతటదే తేలిపోయింది. నది ఒక్క షాట్‌కి తగ్గింది. మేకలు పోయాయి.

తొమ్మిది నిమిషాల ఎపిసోడ్ అనుకున్నాను. కెమెరా ముందు నా మాట మొత్తం కలిపి నిమిషంన్నర, అదీ మూడు ముక్కలుగా. పనివాడి మాట రెండు నిమిషాలు. ఇంటికొచ్చాక చెప్పే వాయిస్ ఓవర్ మూడు నిమిషాలు. మిగతా రెండున్నర నిమిషాలు ఎవరూ మాట్లాడరు, లేత్ చప్పుడు, ఉలి చప్పుడు, అంతే. వాయిస్ ఓవర్‌ మీద వేయడానికీ, పనివాడి మాటల్లో సగం మీద వేయడానికీ నాలుగు నిమిషాల కటవేలు కావాలి. ఒక్కోటి నాలుగు సెకన్లు తెర మీద ఉంటుందనుకుంటే అరవై షాట్లు. మాటల్లేని భాగంలో షాట్ పది సెకన్లదాకా నిలుస్తుంది కాబట్టి అక్కడ మరో పదిహేను. మొత్తం డెబ్బై అయిదు. ఒక్కోటి కదలకుండా పది సెకన్లు తీస్తే పదమూడు నిమిషాల ఫుటేజ్ కూడా కాదు. చెడిపోయినవాటికి రెట్టింపు వేసుకున్నా అరగంట లోపే. రోజంతా ఫోను పైకెత్తి తిరగక్కర్లేదని ఈ లెక్కతోనే తెలిసింది. బ్యాటరీ కూడా మిగిలింది.

ఏది ఎవరి నోట రావాలన్నదానికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. కంటికి చూపించగలిగింది కెమెరా ముందు చెప్పకూడదు. కర్ర తిరగడం, లక్క కరగడం, ఆకుతో రుద్దగానే మెరుపు రావడం చూపిస్తే చాలు. చూపించలేనివి మూడు: గతం, ఒకరి అభిప్రాయం, నా సందేహం. గతం వాయిస్ ఓవర్‌కి పోయింది. రసాయన రంగుల్లోకి వెళ్లిన పని మళ్లీ పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులకు ఎలా మళ్లిందో, అందుకు పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ రావడం అక్కడే చెప్పాను. అభిప్రాయం పనివాడిది. సందేహం నాది, నా మొహం కనపడాల్సింది అక్కడే.

ఇక ఐదు బొంగరాల సంగతి. సినిమావాళ్లు నాలుగు కెమెరాలు పెడతారు. మన దగ్గర ఒక్కటే. కానీ చేతిపనిలో మనకు కలిసొచ్చేది ఒకటుంది, పనివాడు అదే వస్తువును పొద్దున్నించి సాయంత్రం దాకా చేస్తూనే ఉంటాడు. మొదటి బొంగరం చేస్తున్నప్పుడు చేతులు మాత్రమే దగ్గరగా తీశాను. రెండోదానికి మొహం. మూడోదానికి గుమ్మం దగ్గర నుంచి గది మొత్తం. నాలుగోదానికి ఆయన భుజం మీదుగా, ఆయన చూసేది మనం చూసేట్టు. అయిదోదానికి నేల మీద ఫోను పెట్టి, ఉలి కింద నుంచి చెక్కపొట్టు రాలడం. ఎడిటింగ్‌లో ఈ అయిదూ కలిపితే ఒకే బొంగరాన్ని అయిదు కెమెరాలతో తీసినట్టే ఉంటుంది.

దీనికి షరతు ఒకటి. అయిదింటికీ రంగు ఒకటే అయి ఉండాలి. నేను చూసుకోలేదు. నాలుగోదానికి ఆయన పసుపు లక్క అందుకున్నాడు, భుజం మీదుగా తీసిన షాట్ పనికిరాలేదు. "ఇంకొక్క ఎర్రది చేస్తారా బాబాయ్?" అంటే, "ఎర్రవి సరిపడా అయిపోయాయమ్మా, రేపు రా" అన్నాడు నవ్వుతూ. ఆయన పనిని నా షాట్ కోసం ఆపమనడం నాకిష్టం లేదు. బలవంతాన ఆపి మళ్లీ చేయిస్తే చేతులు బిగుసుకుంటాయి, అది తెర మీద ఇట్టే తెలిసిపోతుంది.

ఎపిసోడ్‌కి గుండెకాయ లాంటి షాట్ ఒకటుంది. గిరగిరా తిరిగే తెల్ల కర్రకు లక్క పుల్లను అదిమిపెడతాడు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి, కర్ర మీద సన్నటి గీతగా మొదలై, ఊపిరి పీల్చేలోగా అంచుదాకా పాకుతుంది. జవాబు అదే, రంగు పూసింది కాదు, రాపిడికి కరిగి అంటుకున్నది. ఈ షాట్‌ని ముక్కలు చేయకూడదు, దాని మీద మాట వేయకూడదు. నేను పద్నాలుగు సెకన్లు అలాగే వదిలేశాను.

ఆ షాట్ తీసేటప్పుడు ఫోను రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఎర్రరంగు పాకే కొద్దీ ఫోను వెలుతురును తనంతట తాను మార్చేస్తుంది, ఫోకస్ ఉలి మీదికీ కర్ర మీదికీ గెంతుతుంది. తెర మీద కర్ర ఉన్నచోట వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో రెండూ ఆ స్థానంలోనే నిలుస్తాయి. రెండో మోసం ట్యూబులైటుది. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది, దీపం వంద సార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు గానీ, ఫోను షట్టర్ దానితో పొసగకపోతే వీడియోలో నల్లటి చారలు కిందికీ పైకీ పాకుతాయి. ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ని 1/50 లేదా 1/100 దగ్గర పెట్టాలి. అది లేకపోతే లైటు ఆపమని అడిగి, కిటికీ వెలుతురులో తీసుకోవడం మేలు. స్లో మోషన్ ట్యూబులైటు కింద తీయకపోవడమే మంచిది. అన్నట్టు, చున్నీ, మైకు తీగ, ట్రైపాడ్ తాడు లేత్ దగ్గరికి వెళ్లకూడదు. తిరిగే కర్ర దేన్నయినా చుట్టేసుకుంటుంది.

పనివాడితో మాట ఎప్పుడు రికార్డు చేయాలన్నది నేను చాలాసార్లు తప్పాను. వెళ్లగానే మైకు తగిలిస్తే పత్రికలో రాసినట్టు మాట్లాడతారు. సాయంత్రం అడిగితే అలిసిపోయి ఉంటారు. ఇప్పుడు నేను వెళ్లిన అరగంట దాకా ఫోను బయటికి తీయను, ఊరికే కూర్చుని చూస్తాను. తరవాత బొంగరాలు. మధ్యాహ్నం భోజనానికి లేత్ ఆగినప్పుడు మాట, ఎందుకంటే మోటారు మోత పక్కన ఏ మైకూ పనిచేయదు. మైకు గడ్డానికి జానెడు కింద. ఆ తరవాత, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడే, ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం ఉత్త గది శబ్దం రికార్డు చేస్తాను. మాటల్లో దగ్గు కోసేసినచోట ఆ శబ్దం పరచకపోతే గొయ్యిలా వినపడుతుంది.

మాట అయిపోయాక మళ్లీ ఒక గంట షాట్లకు మిగుల్చుకోవాలి. ఆయన ఆ రోజు తన తండ్రి చేతి ఉలి సంగతి చెప్పాడు, పిడి అరిగి బొటనవేలు పట్టేంత గుంట పడిందట. ఆ ఉలి నా నోటుబుక్కులో లేదు. ముందు షాట్లన్నీ తీసేసి చివర్న మాట రికార్డు చేసుకుని బస్సెక్కి ఉంటే, ఆ పిడి మీద గుంట ఎవరికీ కనపడేది కాదు, నేను కెమెరా ముందు వర్ణించాల్సి వచ్చేది.

మైకు గురించి ఇంకొక్క మాట. తీగ గుచ్చినంత మాత్రాన ఫోను ఆ మైకునే వాడుతోందని నమ్మొద్దు. ఒకసారి ఇరవై నిమిషాల సంభాషణంతా ఫోను సొంత మైకులోనే పడింది, పక్కింటి మిక్సీతో సహా. ఇప్పుడు రికార్డింగ్ మొదలుపెట్టి, మైకును గోటితో రెండుసార్లు గీకి, ఆపి, వింటాను. గీకుడు గట్టిగా వినపడితేనే ప్రశ్న అడుగుతాను.

ఇంటికొచ్చాక బొమ్మల్ని ముట్టుకోను. ముందు పనివాడి మాటల్లోంచి రెండు నిమిషాలు ఏరి, దుప్పటి కప్పుకుని వాయిస్ ఓవర్ చెప్పి, వరసలో పెట్టి, కళ్లు మూసుకుని వింటాను. ఎక్కడ బోర్ కొడితే అక్కడ మాటే తీసేస్తాను, షాట్‌తో కప్పిపుచ్చను. తరవాత నోటుబుక్కు కుడి పక్కన ఉన్నవి ఒక్కొక్కటే పైన పేర్చడం.

ప్రారంభంలో నేను కనపడే ముక్కను ఊళ్లో అడుగుపెట్టగానే తీయలేదు, తిరుగు ప్రయాణంలో స్టేషన్ బెంచీ మీద తీశాను. అప్పటికి నాకు ప్రశ్నేమిటో సరిగ్గా తెలుసు కాబట్టి ఇరవై సెకన్లలో ముగిసింది. దానికి ముందు, టైటిల్ కంటే ముందు, ఆ బెంచీ పక్కన గచ్చు మీద బొంగరం తిప్పి తీసిన షాట్ పెట్టాను. అది తొమ్మిది సెకన్లు తిరిగి, తూలి, రైలు అనౌన్స్‌మెంట్ మధ్యలో పడిపోతుంది.